ఆన్‌కాల్, ప్రయాణం, రాత్రి మెసేజ్‌లు: అమెరికాలో ఏది పనిగంట? తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సస్‌లో చాలా ఏళ్ళుగా పేరోల్ పని చేస్తున్నాను. శనివారం ఎవరింటికైనా భోజనానికి వెళ్తే చాలు, పప్పన్నం కలుపుకుంటుండగానే ఎవరో ఒకరు ఫోన్ ముందుకు జరిపి, "ఇది చూడండి, రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టాడు, దీనికి డబ్బులు రావా?" అంటారు. జవాబు ఒక్క మాటలో చెప్పలేను. అందుకే నన్ను ఎక్కువసార్లు అడిగినవన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇందులో చెప్పేది ముఖ్యంగా అమెరికా ఫెడరల్ చట్టం, అంటే 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం గురించి. వారంలో 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలన్న రూల్ ఈ చట్టంలోదే.

నేను ఐటీలో ఉన్నాను. ఇదంతా నాకు వర్తిస్తుందా?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే, చాలామంది పొరపడేదీ ఇక్కడే. ఓవర్‌టైమ్ రూల్ వర్తించని వాళ్ళని ఎగ్జెంప్ట్ అంటారు, వర్తించే వాళ్ళని నాన్ ఎగ్జెంప్ట్ అంటారు. కంప్యూటర్ ఉద్యోగులకి ఎగ్జెంప్ట్ మినహాయింపు ఉంది గానీ, దానికి రెండు షరతులున్నాయి. జీతం వారానికి కనీసం 684 డాలర్లు, లేదా గంటల లెక్కన అయితే గంటకి కనీసం 27.63 డాలర్లు ఉండాలి. రెండో షరతు పని స్వభావం: ప్రోగ్రాములు రాయడం, సిస్టమ్ డిజైన్ చేయడం, విశ్లేషించడం లాంటివే ప్రధానమైన పని అయ్యుండాలి.

రెండో షరతు తప్పితే మొదటిది ఎంత బాగా నెగ్గినా లాభం లేదు. హెల్ప్‌డెస్క్‌లో పాస్‌వర్డ్‌లు రీసెట్ చేస్తూ, ల్యాప్‌టాప్‌లు సెటప్ చేస్తూ, టికెట్లు మూసే ఉద్యోగి ఈ మినహాయింపులోకి రాడని కార్మిక శాఖ 2006లోనే ఒక అభిప్రాయ లేఖలో చెప్పింది. ఆఫర్ లెటర్‌లో "సిస్టమ్స్ ఇంజనీర్" అని రాసినంత మాత్రాన ఎగ్జెంప్ట్ అయిపోరు. హోదా పేరు కాదు, రోజూ చేసే పని చూస్తారు.

కన్సల్టెన్సీ ద్వారా గంటల లెక్కన పనిచేసే ప్రోగ్రామర్లు మనలో చాలామంది. వాళ్ళకి ఒకటిన్నర రెట్లు రాకపోవచ్చు. కానీ గంటల లెక్క అన్నాక, పనిచేసిన ప్రతి గంటకీ మామూలు రేటు రావాల్సిందే. కాబట్టి ఏది పనిగంట అన్న ప్రశ్న వాళ్ళకీ ఉంది. నెలజీతం మీద ఉన్న ఎగ్జెంప్ట్ ఉద్యోగులకి మాత్రం ఈ పేజీ పెద్దగా పనికిరాదు. వాళ్ళు ఆన్‌కాల్‌లో రాత్రంతా మేలుకున్నా ఫెడరల్ చట్టం ప్రకారం అదనంగా అడగడానికి ఏమీ లేదు.

ఈ వారం నాది ఆన్‌కాల్. ఫోన్ పట్టుకుని ఇంట్లో కూర్చున్న టైమంతా పనేనా?

మామూలుగా కాదు. కానీ అవ్వచ్చు. ఈ "అవ్వచ్చు" ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే మూడు కేసులు చూడాలి.

మొదటిది 1944 నాటిది, టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లోనే జరిగింది. స్విఫ్ట్ అనే మాంసం కంపెనీలో ఏడుగురు ఉద్యోగులు పగలు పనిచేసి, వారానికి మూడు నాలుగు రాత్రులు ఫ్యాక్టరీ ఆవరణలోనే ఉండేవారు. అగ్నిప్రమాదం అలారం మోగితే వెళ్ళాలి. అలారాలు అరుదు. మిగతా టైమ్‌లో పడుకోవచ్చు, రేడియో వినొచ్చు, డామినోలు ఆడుకోవచ్చు. నిద్రపోతూ కాచుకోవడం పనెలా అవుతుందని కింది కోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు మాత్రం ఎదురుచూడటం కూడా పని కావచ్చని, అది పరిస్థితుల్ని బట్టి తేల్చాలని కేసుని వెనక్కి పంపింది. ఎదురుచూడటానికే పెట్టుకున్నారా, లేక పని వచ్చేదాకా మీ బతుకు మీరు బతుకుతూ ఎదురుచూస్తున్నారా అన్న తేడా అక్కడి నుంచి వచ్చింది. ఇప్పటికీ కోర్టులు ఈ ప్రశ్నే వేసుకుంటాయి.

మిగతా రెండూ 1991లో వచ్చిన తీర్పులు. హ్యూస్టన్‌లో ఒక ఆసుపత్రిలో వైద్య పరికరాలు రిపేరు చేసే బ్రైట్ అనే టెక్నీషియన్ దాదాపు 11 నెలలు ఏకధాటిగా ఆన్‌కాల్‌లో ఉన్నాడు. బీపర్ మోగితే సుమారు 20 నిమిషాల్లో ఆసుపత్రికి చేరాలి, మత్తులో ఉండకూడదు. అంతకు మించి ఆంక్షల్లేవు. షాపింగ్‌కి వెళ్ళొచ్చు, భోజనానికి వెళ్ళొచ్చు. అప్పీల్ కోర్టు అది పనిగంట కాదంది. అదే ఏడాది కాన్సస్‌లోని ఎంపోరియా ఊళ్ళో ఫైర్‌మెన్ కేసు ఇంకో అప్పీల్ కోర్టుకి వచ్చింది. వాళ్ళకీ 20 నిమిషాలే. కానీ 24 గంటల ఆన్‌కాల్‌లో సగటున మూడు నుంచి ఐదు పిలుపులు, ఒక్కోసారి 13 దాకా వచ్చేవి. ఆ కోర్టు మొత్తం ఆన్‌కాల్ టైమ్ పనే అంది.

ఇద్దరికీ గడువు అదే 20 నిమిషాలు. తేడా పిలుపుల సంఖ్యలో ఉంది. రోజుకి ఐదుసార్లు లేచి పరిగెత్తాల్సినవాడు సినిమాకి వెళ్ళలేడు, పిల్లాడిని ఈతకి తీసుకెళ్ళలేడు. ఆ టైమ్ పేరుకే అతనిది. కాబట్టి మీ ఆన్‌కాల్ గురించి ఆలోచించేటప్పుడు "ఎంతసేపట్లో ఎత్తాలి" అన్నదొక్కటే చూడకండి. ఎన్ని పిలుపులొస్తాయి, ఇల్లు వదలొచ్చా, వేరేవాళ్ళతో వారం మార్చుకోవచ్చా, అసలు ఆ వారంలో మీ సొంత పనులు ఏం చేయగలిగారు, ఇవన్నీ కలిపి చూస్తారు. నా అనుభవంలో వారానికి రెండు మూడు కాల్స్ వచ్చే ఐటీ ఆన్‌కాల్ ఈ పరీక్షలో నెగ్గడం చాలా కష్టం. అనవసరంగా ఆశ పెట్టుకోవద్దని ముందే చెబుతుంటాను.

మరి నిజంగా కాల్ వచ్చి పనిచేసిన టైమ్?

అది పనే. ఇందులో వాదనేం లేదు. ఇంట్లో మంచం మీద కూర్చుని చేసినా, అర్ధరాత్రి చేసినా పనే. ఫోన్ ఎత్తిన క్షణం నుంచి టికెట్ మూసేదాకా లెక్క.

వారానికి ఆన్‌కాల్ అలవెన్స్ ఇస్తున్నారు. అందులోనే అన్నీ కలిసిపోయాయంటున్నారు. నిజమేనా?

కాదు. ఇది నేను తరచుగా సరిచేసే తప్పు, కాబట్టి ఒక లెక్క వేసి చూపిస్తాను.

ఒక డెస్క్‌టాప్ సపోర్ట్ ఉద్యోగి అనుకుందాం. నాన్ ఎగ్జెంప్ట్, గంటకి 30 డాలర్లు. 27.63 కన్నా ఎక్కువే కదా అనకండి, పని స్వభావం సరిపోలేదు కాబట్టి ఆ మినహాయింపు అతనికి లేదు. ఆన్‌కాల్ వారానికి 180 డాలర్ల అలవెన్స్. ఆ వారం ఆఫీసులో మామూలుగా 40 గంటలు చేశాడు. అది కాక:

మంగళవారం రాత్రి 11:40కి కాల్, వీపీఎన్ సమస్య, 50 నిమిషాలు. గురువారం తెల్లవారుజామున 2:10కి సర్వర్ పడిపోయింది, 85 నిమిషాలు. శుక్రవారం పని ముగించి ఇంటికి వచ్చాక రాత్రి తొమ్మిదింటికి క్లయింట్ డేటా సెంటర్‌కి రమ్మన్నారు. పోవడానికి 40 నిమిషాలు, అక్కడ 55, రావడానికి 40. ఇవి కాక మూడు రాత్రులు మేనేజర్ మెసేజ్‌లకి జవాబులు, ఒక్కో రాత్రి సుమారు 10 నిమిషాలు.

కూడితే 300 నిమిషాలు, అంటే 5 గంటలు. మొత్తం 45.

అలవెన్స్ ఇచ్చినంత మాత్రాన కాచుకున్న టైమ్ పనిగంట కాదు. కానీ ఆ డబ్బు జీతంలో భాగమే కాబట్టి ఓవర్‌టైమ్ రేటు కట్టేటప్పుడు దాన్నీ కలపాలి. 45 గంటలకి 30 చొప్పున 1,350, దానికి 180 కలిపితే 1,530. దాన్ని 45తో భాగిస్తే గంటకి 34. దీన్నే రెగ్యులర్ రేటు అంటారు. 40 దాటిన ఐదు గంటలకి మామూలు డబ్బు ఆ 1,530లో వచ్చేసింది కాబట్టి, మిగిలిన సగం, అంటే గంటకి 17 చొప్పున 85 డాలర్లు కలపాలి. మొత్తం 1,615.

"అన్నీ అలవెన్స్‌లోనే" అనే కంపెనీ ఇచ్చేది 1,380. ఒక్క వారంలో 235 డాలర్లు తక్కువ. కాస్త మంచి కంపెనీ ఐదు గంటలకీ 45 చొప్పున ఇస్తుంది గానీ, అలవెన్స్‌ని రేటులో కలపడం మర్చిపోయి 1,605 ఇస్తుంది. పది డాలర్లేగా అనిపిస్తుంది. నలభై మంది టీమ్‌లో ఇద్దరేసి చొప్పున ఏడాదంతా ఆన్‌కాల్‌లో తిరిగే చోట అదే పది డాలర్లు వెయ్యి దాటుతుంది. పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో అలవెన్స్ కోడ్‌ని ఓవర్‌టైమ్ లెక్కలో చేర్చలేదంటే ఈ తప్పు ప్రతి వారం దానంతటదే పడిపోతూ ఉంటుంది, ఎవరికీ కనపడదు. మీ పే స్టబ్ చూస్తే పట్టుకోవచ్చు: ఆన్‌కాల్ ఉన్న వారం, లేని వారం రెండింటిలోనూ ఓవర్‌టైమ్ రేటు సరిగ్గా ఒకటిన్నర రెట్లే కనపడితే, అలవెన్స్ తాలూకు సర్దుబాటు ఇంకో వరసలో ఎక్కడైనా ఉందేమో చూడండి. లేకపోతే కలపలేదన్నమాట.

ఇంటి నుంచి ఆఫీసుకి పోయే గంటన్నర సంగతేంటి?

లెక్క కాదు. ట్రాఫిక్‌లో ఎంతసేపు ఇరుక్కున్నా కాదు. కంపెనీ కారు ఇచ్చినా మామూలుగా కాదు.

మరి మీ లెక్కలో శుక్రవారం డ్రైవింగ్ 80 నిమిషాలు ఎలా కలిపారు?

ఎందుకంటే అది రోజూ పోయే దారి కాదు. రోజు పని ముగించి ఇంటికి చేరినవాణ్ణి, రాత్రిపూట అత్యవసర పని మీద కస్టమర్ దగ్గరికి చెప్పుకోదగ్గ దూరం పంపిస్తే, ఆ ప్రయాణమంతా పనిగంటే అని కార్మిక శాఖ నిబంధనలో ఉంది. అదే అతన్ని రోజూ వెళ్ళే ఆఫీసుకే పిలిచి ఉంటే? అక్కడ కార్మిక శాఖ ఎటూ తేల్చలేదు. ఆ తేడా నాకు ఎప్పుడూ వింతగానే అనిపిస్తుంది, నిద్ర చెడటంలో ఏం తేడా ఉంది? కానీ రూల్ అదే. చాలా కంపెనీలు తమ పాలసీలో రెండింటికీ ఇస్తాయి, మీ హ్యాండ్‌బుక్ చూసుకోండి.

పొద్దున ఒక క్లయింట్ దగ్గర పనిచేసి మధ్యాహ్నం ఇంకో క్లయింట్ దగ్గరికి వెళ్తే, మధ్యలో ప్రయాణం పనే. ఇందులో అనుమానం లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఫ్లైట్ ఎక్కించారు. సోమవారం పొద్దున న్యూజెర్సీలో పని. సెలవు రోజు ప్రయాణానికి డబ్బులొస్తాయా?

వస్తాయి, కానీ మొత్తానికి కాదు. రాత్రి బస ఉన్న ప్రయాణానికి రూల్ వేరు. మీరు రోజూ పనిచేసే గంటలేవో ఆ గంటల్లో పడే ప్రయాణం పనిగంట, అది ఏ రోజైనా సరే. రోజూ తొమ్మిది నుంచి ఐదున్నర దాకా పనిచేసేవారైతే, ఆదివారం రెండింటికి ఎక్కి ఆరున్నరకి దిగిన ఫ్లైట్‌లో ఐదున్నర దాకా మూడున్నర గంటలు లెక్క. ఆ తర్వాతి గంట మామూలుగా లెక్కకి రాదు. ఆ గంటలో ల్యాప్‌టాప్ తెరిచి డాక్యుమెంట్ సరిచేశారా, అప్పుడు అదీ పనే. సీట్లో కూర్చుని నిద్రపోతే కాదు.

కంపెనీ అడిగితే మీరే కారు నడుపుకుంటూ వెళ్ళారనుకోండి, నడపడం పనే కాబట్టి గంటలు చూడక్కర్లేదు, అంతా లెక్క. ఫ్లైట్ టికెట్ ఇస్తామన్నా వద్దని మీ ఇష్టం కొద్దీ కారులో వెళ్తే మాత్రం, కంపెనీ నడిపిన టైమ్‌నైనా లెక్కపెట్టొచ్చు, ఫ్లైట్‌లో వెళ్తే వచ్చే గంటలనైనా లెక్కపెట్టొచ్చు. ఏది తక్కువో అదే పెడతారు, మీకు తెలియనిదేముంది.

రాత్రి బస లేకుండా ఒక్కరోజులో వేరే ఊరు పోయి వస్తే ఇంకా సులువు: మొత్తం ప్రయాణంలోంచి మీ రోజువారీ ఆఫీసు ప్రయాణం తీసేస్తే మిగిలింది పనిగంట.

రాత్రి టీమ్స్‌లో మెసేజ్. "ఓకే" అని ఒక ముక్క కొట్టాను. ఇదీ లెక్కేనా?

ఆ ఒక్క "ఓకే" లెక్కకి రాదు. అతి చిన్న టైమ్‌ని వదిలేయొచ్చన్న సూత్రం 1946 నాటి మౌంట్ క్లెమెన్స్ కుండల ఫ్యాక్టరీ కేసు నుంచి ఉంది. కొన్ని సెకన్లు, ఒకటి రెండు నిమిషాలు, ఎప్పుడో ఒకసారి, రాసి పెట్టుకోవడం కష్టమయ్యేంత చిన్నవి వదిలేయొచ్చు.

కానీ ఈ సూత్రాన్ని కంపెనీలు మరీ సాగదీస్తాయి. ఒక్కో మెసేజ్‌ని విడిగా చూడరు. రోజూ జరుగుతోందా, వారానికి కూడితే ఎంతవుతోంది, నమోదు చేయడం నిజంగా కష్టమా అని చూస్తారు. ప్రతి రాత్రి పది నిమిషాలంటే అది అలవాటైన పనే, వదిలేయడానికి లేదు. పైగా పాతరోజుల పంచ్ కార్డుతో కష్టమైంది ఇప్పుడు కష్టం కాదు. ఏ మెసేజ్ ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు జవాబిచ్చారో ఫోనే నిమిషంతో సహా చెబుతుంది.

నన్ను అడగడానికి వచ్చిన ఒకామె వాట్సాప్ గ్రూప్ చూపించింది. రాత్రి 9:12కి ప్రశ్న, 9:14కి ఈమె జవాబు, 9:31కి ఇంకో ప్రశ్న, 9:40కి ఫైల్ పంపింది. మధ్యలో పావుగంట ఖాళీగా కనపడుతోంది గానీ, ఆ పావుగంటా ఈమె ఆ ఫైల్ కోసం షేర్డ్ ఫోల్డర్‌లో వెతుకుతోంది. మెసేజ్ పంపిన క్షణం ఒక్కటే కాదు, దాని వెనక చేసిన పని కూడా టైమే. టైమ్‌షీట్‌లో "9:12 నుంచి 9:40, రిపోర్ట్ ఫైల్ వెతికి పంపడం" అని రాయమన్నాను. "మెసేజ్‌లు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు.

"నేను అప్రూవ్ చేయలేదు కాబట్టి ఓవర్‌టైమ్ ఇవ్వను" అంటున్నాడు మేనేజర్.

అప్రూవల్ లేకుండా పనిచేసినందుకు మిమ్మల్ని మందలించొచ్చు. డబ్బు ఆపడానికి మాత్రం వీల్లేదు. చేయమని చెప్పినా, చేస్తుంటే చూస్తూ ఊరుకున్నా రెండూ ఒకటే. కంపెనీకి తెలిసినా, తెలిసి ఉండాల్సిందైనా ఇవ్వాల్సిందే. రాత్రి మెసేజ్ పెట్టినవాడు మేనేజరే అయినప్పుడు "నాకు తెలియదు" అనే మాటకి చోటెక్కడిది?

కానీ ఒక హెచ్చరిక. షికాగో పోలీసుల కేసు ఉంది. వ్యవస్థీకృత నేరాల విభాగంలో పనిచేసే అధికారులు డ్యూటీ అయ్యాక బ్లాక్‌బెర్రీల్లో పనిచేశామని డబ్బు అడిగారు. ఆ పని పనే అని కోర్టు ఒప్పుకుంది. అయినా ఓడిపోయారు. 2017లో అప్పీల్ కోర్టు కూడా అదే ఖాయం చేసింది. కారణం: అదనపు గంటలకి స్లిప్ రాసి ఇచ్చే పద్ధతి ఉన్నా ఈ బ్లాక్‌బెర్రీ పనికి వాళ్ళు రాసి ఇవ్వలేదు, డబ్బు అందడం లేదని పైవాళ్ళకి తెలుసని రుజువు కాలేదు. మొహమాటానికో, పోనీలే అనుకునో టైమ్‌షీట్‌లో 40 అని కొట్టేసే అలవాటు మనవాళ్ళలో చాలామందికి ఉంది. రేపు ఆ 40 అన్న అంకే మీకు ఎదురు తిరుగుతుంది. చేసిన గంటలు రాయండి. వద్దని మేనేజర్ నోటితో చెబితే, ఆ మాటే మెయిల్‌లో అడగండి.

నేను కాలిఫోర్నియాలో ఉన్నాను. తేడా ఉందా?

చాలా ఉంది, దాదాపు అన్నీ మీకు లాభమే. అక్కడ రోజుకి 8 గంటలు దాటినా ఓవర్‌టైమ్ వస్తుంది. రెండు మూడు నిమిషాలేగా అని వదిలేసే సూత్రం కూడా అక్కడ బాగా బలహీనం. 2018లో స్టార్‌బక్స్ మీద వచ్చిన తీర్పులో షిఫ్ట్ ముగిశాక షాపు మూసి, అలారం పెట్టి, తాళం వేసే టైమ్ గురించి గొడవ. రోజుకి 4 నుంచి 10 నిమిషాలు. 17 నెలలకి మొత్తం 12 గంటల 50 నిమిషాలు, అప్పటి కనీస వేతనం లెక్కన 102 డాలర్ల 67 సెంట్లు. ఆ డబ్బుతో కరెంటు బిల్లు లాంటిది కట్టుకోవచ్చు, వారానికి సరిపడా సరుకులు కొనుక్కోవచ్చు, అది చిన్న మొత్తం కాదు అంది కాలిఫోర్నియా సుప్రీంకోర్టు. కంప్యూటర్ ఉద్యోగుల మినహాయింపుకి కావాల్సిన జీతం కూడా అక్కడ చాలా ఎక్కువ, ఏటా మారుతుంది.

సెలవు మీద హైదరాబాద్ వచ్చి అక్కడి నుంచి జవాబులిస్తే? అక్కడి టీమ్ మాటేంటి?

వారమంతా ఇండియాలోనే ఉండి చేసిన పనికి ఈ అమెరికా చట్టం వర్తించదు. అమెరికా క్లయింట్ కోసం రాత్రి షిఫ్ట్‌లో ఆన్‌కాల్ కూర్చునే హైదరాబాద్ టీమ్‌కీ వర్తించదు, వాళ్ళకి అక్కడి చట్టాలే. వారంలో సోమ, మంగళవారాలు డాలస్‌లో చేసి బుధవారం ఫ్లైట్ ఎక్కితే మాత్రం ఆ వారం చట్టం కిందే ఉంటుంది.

కంపెనీ దగ్గర రికార్డే లేదు. నా దగ్గర నా నోట్‌బుక్ ఒక్కటే ఉంది. సరిపోతుందా?

గంటల రికార్డు ఉంచాల్సిన బాధ్యత కంపెనీది. వాళ్ళు ఉంచకపోతే ఉద్యోగి సహేతుకంగా చూపించిన అంచనాని కోర్టు తీసుకుంటుంది, ఇది కూడా ఆ కుండల ఫ్యాక్టరీ కేసులో చెప్పిందే. కాబట్టి నోట్‌బుక్ పనికొస్తుంది. తారీఖు, మొదలు, చివర, ఎవరు పిలిచారు, ఏం చేశారు, ఈ ఐదూ అదే రోజు రాసుంటే చాలు. ఆరునెలల తర్వాత ఒకే పెన్నుతో ఒకే కూర్చుడులో రాసిన పుస్తకం చూడగానే తెలిసిపోతుంది. కంపెనీ ల్యాప్‌టాప్‌లో మాత్రమే పెట్టుకోకండి, ఉద్యోగం పోయిన రోజు అది వాళ్ళ చేతిలో ఉంటుంది. క్లయింట్ డేటాని మాత్రం మీ సొంత మెయిల్‌కి పంపుకోవద్దు, అది వేరే గొడవ అవుతుంది.

హెచ్‌1బీ మీద ఉన్నాను. ఫిర్యాదు చేయాలంటే భయంగా ఉంది.

ఆ భయం అర్థం చేసుకోగలను. వీసా ఏదైనా ఈ చట్టం అందరికీ ఒకటే. ఫిర్యాదు చేశారని ఉద్యోగం తీసేయడం, గంటలు తగ్గించడం చట్టవిరుద్ధం. అయినా ముందు పేరోల్‌కి మెయిల్ పెట్టండి, పైన వేసిన లాంటి లెక్కతో, గొడవ పడే మాటలు లేకుండా. సగం సార్లు అది సాఫ్ట్‌వేర్ తప్పే అయ్యుంటుంది, తర్వాతి పే స్టబ్‌లో సరిచేస్తారు.

జవాబు రాకపోతే కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ విభాగం ఉంది, ఫోన్ 1-866-487-9243. ఫిర్యాదు ఉచితం, పేరు గోప్యంగా ఉంచుతారు. లాయర్ ద్వారా కోర్టుకి వెళ్తే రావాల్సిన బకాయికి సమానంగా ఇంకో అంత కూడా అడగొచ్చు. గడువు రెండేళ్ళు, కంపెనీ తెలిసే చేసిందని రుజువైతే మూడేళ్ళు. ఈ గడువు ఉద్యోగం మానేసిన రోజు నుంచి కాదు, డబ్బు తక్కువ పడిన ప్రతి పేడే నుంచి విడివిడిగా నడుస్తుంది. అంటే ఈ శుక్రవారం మీరు ఊరుకుంటే, రెండేళ్ళ కిందటి పే చెక్ ఒకటి లెక్కలోంచి జారిపోతుంది.